గ్రూపుతో వెళ్తే 200 కి.మీ.కి టైమ్ తగ్గాలి కదా, నాకు ఎందుకు పెరిగింది?

హరిత_హయత్‌నగర్

అందరికీ నమస్కారం. ఫిబ్రవరిలో నా మొదటి 200 కి.మీ. బీఆర్‌ఎం, అంటే గడువు లోపు పూర్తి చేయాల్సిన లాంగ్ రైడ్, ఒంటరిగా పూర్తి చేశాను. ఎల్బీనగర్ నుంచి నకిరేకల్ వెళ్ళి మళ్ళీ వెనక్కి, మొత్తం విజయవాడ హైవే మీదే. తొక్కిన సమయం 8 గంటల 42 నిమిషాలు, అంటే సగటున గంటకు 23 కి.మీ. ఆగిన సమయం గంటా 5 నిమిషాలు.

మొన్న జూలైలో అదే రూటు ఒక గ్రూపుతో వెళ్ళాను. ఆరుగురం. ముందున్నవాళ్ళ చక్రం వెనకే ఉంటే 30 శాతం శక్తి మిగులుతుందని, 200 కి.మీ.కి కనీసం గంట కలిసొస్తుందని చెప్పారు. చిట్యాల దాటేవరకు, అంటే సుమారు 70 కి.మీ., 29 సగటుతో వాళ్ళతోనే ఉన్నాను. నా జీవితంలో అంత స్పీడు ఎప్పుడూ చూడలేదు. తర్వాత ఒక ఎత్తు మీద విడిపోయాను, మళ్ళీ అందుకోలేకపోయాను. అక్కడి నుంచి నకిరేకల్‌కి 22లో, తిరుగు ప్రయాణం 100 కి.మీ. 17.5లో ఒంటరిగా లాగాను. తొక్కిన సమయం 9 గంటల 30 నిమిషాలు, ఆగింది గంటా 50 నిమిషాలు. 13 గంటల 30 నిమిషాల లిమిట్ లోపలే వచ్చాను కాబట్టి మెడల్‌కి ఇబ్బంది లేదు. కానీ ఒంటరిగా వెళ్ళినప్పటికంటే గంటన్నర ఎక్కువ పట్టింది. ఇలా ఒకరి వెనకే వెళ్ళే డ్రాఫ్టింగ్ పనిచేయదా, లేక నేను చేసింది తప్పా?

బుల్లెట్_సూరి

మేడమ్, గ్రూప్ రైడ్‌లో ఒకరి వెనక ఒకరు దగ్గరగా వెళ్ళకూడదు. ఎడమ, కుడి అలా జిగ్‌జాగ్‌గా ఉండాలి, ముందు బండికి 2 సెకన్ల దూరం వదలాలి. మేము హైదరాబాద్ నుంచి విజయవాడ ఎన్నోసార్లు వెళ్ళాం. 270 కి.మీ.ని 80లో వెళ్తే 3 గంటల 22 నిమిషాలు, 90లో వెళ్తే 3 గంటలు. ఆ 22 నిమిషాలు సూర్యాపేటలో టీకి ఆగితే పోతాయి. స్పీడు పెంచడం కంటే ఆగడాలు తగ్గించుకోండి.

వేగం_రవి

సూరి అన్నా, ఇది సైకిల్ సంగతి.

హరిత అక్కా, డ్రాఫ్టింగ్ కచ్చితంగా పనిచేస్తుంది. 30 శాతం శక్తి మిగిలితే 30 శాతం స్పీడు పెరుగుతుంది. నువ్వు ఒంటరిగా 23 తొక్కగలిగితే గ్రూపులో 30 తొక్కగలవు. నీ సమస్య విడిపోవడం ఒక్కటే. వీల్ వదలకూడదు, ఏమైనా సరే. ఆ ఎత్తు మీద ఇంకొక్క 2 నిమిషాలు పళ్ళ బిగువున లాగి ఉంటే 7 గంటల్లో వచ్చేదానివి. నేను ఔటర్ రింగ్ రోడ్డు సర్వీస్ రోడ్డులో ఒక వ్యాన్ వెనక 45లో 3 కి.మీ. వెళ్ళాను, కాళ్ళకు ఏమీ తెలియలేదు.

బుల్లెట్_సూరి

అయ్యో, సైకిలా! బీఆర్‌ఎం అంటే మోటార్‌సైకిల్ క్లబ్ అనుకున్నాను. అయినా వ్యాన్ వెనక మాత్రం వెళ్ళకు తమ్ముడూ. ఆ డ్రైవర్‌కి నువ్వు అద్దంలో కనపడవు. అతను బ్రేక్ వేసేది గుంత చూసి. నీకు ఆ గుంత కనిపించదు.

చక్రధర్66

హరితమ్మా, నీ ప్రశ్న మంచిది. అందరూ చెప్పే 30 శాతం అనే మాటలో నిజం ఉంది, కానీ అది దేనిలో 30 శాతం అన్నది ఎవరూ చెప్పరు. జవాబు రాసే ముందు 3 విషయాలు చెప్పు. జూలై రైడ్‌లో గాలి ఎటు నుంచి వచ్చింది? నువ్వు, సైకిల్, సామాను కలిపి ఎంత బరువు? పవర్ మీటర్ లేకపోతే గుండె వేగం రికార్డు ఉందా?

రవీ, వాహనం వెనక వెళ్ళడం సంగతి సూరి గారు చెప్పేశారు. ఆ పైన చెప్పడానికి ఏమీ లేదు. ఆ పని మానెయ్.

హరిత_హయత్‌నగర్

చక్రధర్ గారూ, థాంక్స్ అండి. గాలి పడమటి నుంచి. వెళ్ళేటప్పుడు వీపు మీద, వచ్చేటప్పుడు మొహం మీద. ఫోన్‌లో 12 కి.మీ. వేగం చూపించింది. ఫిబ్రవరిలో గాలి దాదాపు లేదు. నా హైబ్రిడ్ సైకిల్, బాటిళ్ళు, పంపు, ట్యూబులు అన్నీ కలిపి 75 కిలోలు. గుండె వేగం వాచ్‌లో ఉంది. ఫిబ్రవరిలో రోజంతా 140 నుంచి 145. జూలైలో గ్రూపుతో ఉన్నప్పుడు సమంగా ఉన్న రోడ్డు మీద 148 దాకా, ఫ్లైఓవర్లు, ఎత్తులు వచ్చిన ప్రతిసారీ 175. ఒకచోట 181 కూడా ఉంది.

చక్రధర్66

జవాబు ఆ 175లోనే ఉంది. నెమ్మదిగా చెప్తాను.

సైకిల్ తొక్కేటప్పుడు మన శక్తి 3 చోట్ల పోతుంది: గాలిని చీల్చడానికి, టైరు రోడ్డు మీద దొర్లడానికి, ఎత్తు వస్తే బరువుని పైకి మోయడానికి. ముందువాడి వెనక ఉంటే తగ్గేది మొదటిది మాత్రమే. మీటరు లోపు దూరంలో ఒకరి వెనక ఉంటే గాలి భారం సుమారు 30 శాతం తగ్గిందనుకుందాం. టైరు భారం, ఎత్తు భారం ఒక్క పైసా తగ్గవు. పైగా గాలి భారం ఎంతన్నది నీ స్పీడు బట్టి కాదు, నీకు ఎదురుగా తగిలే గాలి స్పీడు బట్టి ఉంటుంది.

నీ 75 కిలోలకు లెక్క వేశాను. నీ ఒళ్ళు గాలికి ఎంత అడ్డం, టైర్లు ఎలాంటివి అన్నవి నా అంచనాలు కాబట్టి అంకెలు కాస్త అటూ ఇటూ ఉంటాయి. నువ్వు రోజంతా హాయిగా తొక్కగలిగేది 90 వాట్లు అనుకున్నాను. నీ ఫిబ్రవరి రైడ్‌కి అది దగ్గరగా సరిపోతోంది.

వెళ్ళేటప్పుడు వెనకగాలి. నువ్వు 30లో వెళ్తున్నా నీ మొహానికి తగిలేది 18 కి.మీ. గాలే. ఒంటరిగా వెళ్ళినా 78 వాట్లు చాలు, గ్రూపు వెనక 66. మిగిలింది 12 వాట్లు.

ఇప్పుడు ఎత్తు. వంద మీటర్లకు 3 మీటర్లు లేచే ఫ్లైఓవర్ ఎత్తుని గ్రూపు 22లో ఎక్కింది అనుకో. నీకు 176 వాట్లు కావాలి. గ్రూపు వెనక ఉన్నందుకు అందులో మిగిలేది 3 వాట్లు. అవును, మూడే. వెనకగాలిలో 22లో వెళ్తుంటే నీకు తగిలే గాలి 10 కి.మీ. మాత్రమే, చీల్చడానికి గాలే లేదు. అక్కడ నువ్వు ఎవరి చక్రం వెనకా లేవు, నీ బరువుని నువ్వే మోస్తున్నావు. 90 వాట్ల మనిషి 176 వాట్లు పెట్టింది, అందుకే 175. ఆ హైవే మీద అలాంటి ఎత్తులు 70 కి.మీ.లో ఎన్ని వచ్చాయో నీ వాచ్ చెప్తుంది.

వచ్చేటప్పుడు కథ తిరగబడింది. 20లో వస్తున్నా మొహానికి తగిలేది 32 కి.మీ. గాలి. ఒంటరిగా 110 వాట్లు, ఒకరి వెనక అయితే 84. మిగిలేది 26 వాట్లు. రోజు మొత్తంలో గ్రూపు నీకు నిజంగా ఉపయోగపడే చోటు అదే. అప్పటికి నీ పక్కన ఎవరూ లేరు.

వేగం_రవి

సార్, మరి 30 శాతం మిగిలితే స్పీడు 30 శాతం పెరగదా? సింపుల్ లెక్కే కదా.

చక్రధర్66

పెరగదు రవీ. స్పీడు పెంచిన కొద్దీ గాలి భారం దానికంటే చాలా వేగంగా పెరుగుతుంది. నాలాంటివాడి లెక్క చెప్తాను, సైకిల్‌తో కలిపి 85 కిలోలు. గాలి లేని రోజు 30లో ఒంటరిగా వెళ్ళడానికి 161 వాట్లు, వెనక ఉంటే 125. అదే 125 వాట్లతో ఒంటరిగా 27 వెళ్తాను. అంటే ఒక్కసారి కూడా ముందుకు రాకుండా వెనకే కూర్చుంటే నాకు కలిసొచ్చేది గంటకు 3 కి.మీ. నలుగురం వంతులవారీగా ముందుకు వస్తే ఇంకా తగ్గుతుంది. ఒంటరిగా 25 తొక్కే శక్తితో గ్రూపులో 27 వస్తుంది. 200 కి.మీ.కి 8 గంటలకు బదులు 7 గంటల 24 నిమిషాలు. ముప్పావు గంట కూడా కాదు, 36 నిమిషాలు. అది కూడా రోడ్డు సమంగా ఉండి, అందరూ ఒకేలా తొక్కితే.

డాలస్_కిరణ్

చక్రధర్ గారి అంకెలు నాకు నమ్మకంగానే ఉన్నాయి. 1990లో మెక్‌కోల్ బృందం సైక్లిస్టులను రోడ్డు మీదే తొక్కించి ఆక్సిజన్ వాడకం కొలిచింది. ఒకరి వెనక ఉంటే 32 కి.మీ. వేగంలో 18 శాతం తగ్గింది, 40లో 27 శాతం. 8 మంది వెనక చివర ఉంటే 40లో 39 శాతం తగ్గింది. అంటే స్పీడు తక్కువైతే లాభం తక్కువ. మనలో చాలామంది 25 దగ్గర తొక్కుతాం కదా. టీవీలో ప్రొఫెషనల్ రేసులు చూసి అదే లాభం మనకూ వస్తుందనుకోకూడదు.

ఇక్కడ మా వారపు గ్రూపులో నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. చివరి స్థానం సుఖంగా ఉంటుందనుకుంటాం, గ్రూపు నడక సాఫీగా ఉంటేనే అది నిజం. ముందువాడు మలుపులోనో స్పీడ్ బ్రేకర్ దగ్గరో కొంచెం తగ్గి మళ్ళీ తొక్కితే, రెండోవాడు ఇంకొంచెం ఎక్కువ తగ్గి ఇంకొంచెం ఎక్కువ తొక్కుతాడు. అది వెనక్కి వచ్చేసరికి ఆరోవాడు బ్రేక్ వేసి, లేచి నిలబడి తొక్కాల్సి వస్తుంది. హరిత గారూ, మీరు గ్రూపులో ఎక్కడ ఉన్నారు?

హరిత_హయత్‌నగర్

చివర్లోనే అండి. కొత్తదాన్ని, వాళ్ళ మధ్యలో ఉంటే ఎవరికైనా తగులుతానేమో అని భయం. ఇంకో విషయం ఇప్పుడు గుర్తొస్తోంది. ఎత్తు దిగాక వాళ్ళు 200, 300 మీటర్లు ముందుండేవాళ్ళు. నేను గట్టిగా తొక్కి మళ్ళీ అందుకునేదాన్ని. అలా 7, 8 సార్లు జరిగింది.

చక్రధర్66

ఆ దూరం ఎలా వస్తుందో చూడు. అర కిలోమీటరు ఎత్తుని వాళ్ళు 22లో ఎక్కారు, నువ్వు నీ ఓపికకు తగ్గట్టు 16లో ఎక్కావనుకో. తేడా అర నిమిషమే. కానీ ఎత్తు దిగి వాళ్ళు 30లో పోతుంటే ఆ అర నిమిషం 250 మీటర్లు. అంత దూరంలో నీకు వాళ్ళ నీడ కూడా అందదు. వాళ్ళు 30, నువ్వు 34 తొక్కితే అందుకోవడానికి దాదాపు 4 నిమిషాలు పడుతుంది, ఆ 2 కి.మీ.లూ గాలి అంతా నీదే. ఇలా 8 సార్లు అంటే అరగంట రేసు. ఆ అరగంటకి కాళ్ళు తర్వాత 130 కి.మీ.లు వడ్డీ కట్టాయి.

ఎత్తు మీద వీల్ పట్టుకోమని రవి చెప్పింది సరిగ్గా తలకిందులు. ఎత్తు మీద వదిలెయ్యాలి, సమమైన రోడ్డు మీద పట్టుకోవాలి. నీతో వచ్చినవాళ్ళు మంచివాళ్ళయితే శిఖరం దాటాక 30 సెకన్లు నెమ్మదిగా తొక్కితే చాలు. ఆ 30 సెకన్లకు వాళ్ళు పోగొట్టుకునేది ఏమీ లేదు, ఎదురుగాలిలో పంచుకోవడానికి ఇంకొక మనిషి మిగులుతుంది.

వేగం_రవి

ఒప్పుకుంటాను సార్, ఎత్తు సంగతి నాకు తట్టలేదు. కానీ ఒక మాట. వెనకగాలి ఉన్నప్పుడు గట్టిగా తొక్కి టైమ్ ముందే సంపాదించుకుంటే వచ్చేటప్పుడు నెమ్మదిగా రావచ్చు కదా? దారిలోని చెక్‌పాయింట్, అదే కంట్రోల్, మూసే టైమ్ టెన్షన్ కూడా ఉండదు.

చక్రధర్66

లిమిట్‌కి దగ్గరగా వెళ్ళేవాళ్ళకు నీ మాటలో కొంత నిజం ఉంది. టైమ్ చేతిలో ఉంటే పంక్చర్ పడినా భయం ఉండదు. కానీ మొత్తం సమయం తగ్గించుకోవాలంటే లెక్క వేరు. 100 కి.మీ. 30లో వెళ్ళి 100 కి.మీ. 20లో వస్తే సగటు 25 కాదు, 24. మొదటి సగం 3 గంటల 20 నిమిషాలు, రెండో సగం 5 గంటలు. నెమ్మదిగా వెళ్ళే సగంలోనే నువ్వు ఎక్కువసేపు ఉంటావు, అందుకే ఎక్కువ కోల్పోతావు.

హరిత రూటుకే వేసి చూద్దాం. 90 వాట్లతో, రోడ్డు సమంగా ఉందనుకుని. వెళ్ళేటప్పుడు వెనకగాలిలో ఒంటరిగా 31.5, నలుగురు వంతులు పంచుకుంటే 33. వంద కి.మీ.కి మిగిలేది 9 నిమిషాలు. వచ్చేటప్పుడు ఎదురుగాలిలో ఒంటరిగా 18, నలుగురితో 20. మిగిలేది 33 నిమిషాలు. రెండుచోట్లా పెరిగింది గంటకు ఒకటిన్నర, 2 కి.మీ.లే. స్పీడు తక్కువ ఉన్నచోట అదే 2 కి.మీ. నాలుగింతల సమయం ఇస్తోంది.

హరితమ్మా, నీకు ఊరట కలిగే మాట ఒకటి. ఫిబ్రవరి, జూలై రైడ్లను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకవైపు వెనకగాలి, ఒకవైపు ఎదురుగాలి ఉంటే రెండూ చెల్లిపోవు. ఇదే లెక్కలో గాలి లేని రోజు నీకు పట్టేది 8 గంటల 12 నిమిషాలు, 12 కి.మీ. గాలి ఉన్న రోజు ఒంటరిగానే వెళ్ళినా 8 గంటల 43 నిమిషాలు. తొక్కిన సమయంలో నీకు పెరిగిన 48 నిమిషాల్లో అరగంట ఆ గాలిదే. మిగతా 18 నిమిషాలు ఎత్తుల మీద తగలబెట్టిన కాళ్ళవి. పైగా హైదరాబాద్ ఎత్తులో ఉంది, తిరుగు దారి మొత్తం మీద ఎక్కుడే.

కాకినాడ_పద్మ

నా అనుభవం చెప్తాను, పనికొస్తుందేమో. మేము ఉప్పాడ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున తొక్కుతాం. అక్కడ సముద్రం గాలి పక్క నుంచి కొడుతుంది. మొదట్లో ముందువాళ్ళ చక్రం వెనకే సరిగ్గా గీత గీసినట్టు ఉండేదాన్ని, ఏమీ తేడా తెలిసేది కాదు. ఒకరోజు మా సీనియర్ ఒకాయన, గాలి కుడి నుంచి వస్తే నువ్వు కాస్త ఎడమకి జరుగు అన్నారు. జరిగిన క్షణంలో చెవుల్లో హోరు ఆగిపోయింది. అప్పటి నుంచి నాకు అదే కొలత. హోరు తగ్గిందంటే సరైన చోట ఉన్నట్టు. సమమైన రోడ్డు మీద మధ్యమధ్యలో తొక్కడం ఆపినా సైకిల్ వెనకబడకపోతే ఇంకా గట్టి గుర్తు.

కానీ పక్కకి జరిగితే నా ముందు చక్రం వాళ్ళ వెనక చక్రం పక్కకు వెళ్ళిపోతుంది. ఒకసారి ముందావిడ గుంత తప్పించడానికి ఎడమకు వచ్చారు, నా చక్రం తగిలింది. ముందువాళ్ళు పడలేదు, నేనే పడ్డాను. మోచేతికి 4 కుట్లు. వెనకవాళ్ళే పడతారు, అది గుర్తుపెట్టుకో హరితా. చక్రం మీద చక్రం ఎప్పుడూ కలవనివ్వకు. గాలి పక్క నుంచి ఉన్నా, హైవేలో సగం లేన్ ఆక్రమించి పక్కపక్కన పరుచుకుని వెళ్ళే వీలు మనకు లేదు. అలాంటప్పుడు ఆ కాస్త లాభం వదులుకోవడమే.

ఇంకొకటి అడగాలి. నేను ముందుకు వచ్చి గాలి తీసుకోలేను. వస్తే స్పీడు పడిపోతుంది. 300 కి.మీ. బీఆర్‌ఎంలో రోజంతా వెనకే ఉన్నాను. ఎవరూ ఏమీ అనలేదు కానీ మనసులో మొహమాటంగా ఉంది. అది తప్పా?

డాలస్_కిరణ్

తప్పు కాదు పద్మ గారూ. బలహీనంగా ఉన్నవాళ్ళు ముందుకొచ్చి స్పీడు తగ్గిస్తే వెనక అందరూ బ్రేకులు వేస్తారు, వంతు చెదిరిపోతుంది. నేను రాలేను అని ముందే చెప్పి చివర ఉండటమే గ్రూపుకి మేలు. వెనక ఒకరు ఉండటం వల్ల ముందున్నవాడికి నష్టం లేదు, పైగా వాడి వెనక గాలి సర్దుకుని చాలా కొంచెం లాభమే ఉంటుంది. నేను ట్రయాథ్లాన్లు కూడా చేస్తాను. ఐరన్‌మ్యాన్‌లో డ్రాఫ్టింగ్ నిషేధం, మాలాంటి అమెచ్యూర్లు ముందు సైకిల్‌కి 12 మీటర్లు వదలాలి. బీఆర్‌ఎంలో ఆ నిషేధం లేదు, కాబట్టి నియమాల ప్రకారం కూడా మీరు చేసింది సరైనదే.

చక్రధర్66

కిరణ్ గారితో ఇక్కడ నేను పూర్తిగా ఏకీభవించను. రేసు కాదు కదా, 200, 300 కి.మీ. పాటు కలిసి ఉండే మనుషులు. 30 సెకన్లయినా ముందుకు రావాలి. స్పీడు పెంచకుండా, అదే స్పీడుతో. ఆ అర నిమిషంలో వెనకవాడు నీళ్ళు తాగుతాడు. ఎదురుగాలిలో ఒక్కడే గంటసేపు ముందుంటే ఎంత గట్టివాడైనా 150 కి.మీ. దగ్గర కూలిపోతాడు, అప్పుడు మొత్తం గ్రూపు స్పీడు పడిపోతుంది. నేను అలా ఒక గ్రూపుని నాశనం చేసినవాణ్ణే. 2 గంటలు నేనే ముందుండి అందరినీ లాగానని సంతోషపడ్డాను, చివరి 60 కి.మీ. నా కోసం నలుగురు ఆగి ఆగి వచ్చారు.

డాలస్_కిరణ్

అర నిమిషం వంతులు ఐదారుగురికి మరీ చిన్నవి అండి. మారే ప్రతిసారీ చిన్న కుదుపు ఉంటుంది, కొత్తవాళ్ళకు మార్పు దగ్గరే ప్రమాదం. మేము 2, 3 నిమిషాలు తీసుకుంటాం.

చక్రధర్66

మీ రోడ్ల భుజాలు వెడల్పు. ఇక్కడ మారడానికి పక్కకు వచ్చినప్పుడు వెనక లారీ ఉందో లేదో చూడాలి. ఆ లెక్కన మీ మాటే సరి కావచ్చు, మార్పులు తక్కువ ఉంటే మంచిది. నాకు మాత్రం ఎదురుగాలిలో 3 నిమిషాలు కొత్తవాళ్ళకు ఎక్కువనే అనిపిస్తుంది.

బుల్లెట్_సూరి

మోటార్‌సైకిల్ వాడిని అయినా ఒక మాట. తెల్లవారుజామున ఆ హైవేలో వెళ్ళేటప్పుడు మీవాళ్ళు వరుసగా వెళ్తుంటే నాకు కనిపించేది చివరి సైకిల్ లైటు ఒక్కటే. మిగతా ఐదుగురు ఆ లైటు ముందు ఉన్నారని తెలియదు. ఒక సైకిలే అనుకుని దాటి వెంటనే ఎడమకు వస్తే ముందున్నవాళ్ళకు తగులుతాను. అందరికీ వెనక లైటు ఉండాలి. చివర్లో ఉన్న హరిత గారి లైటు అందరికంటే గట్టిది అయి ఉండాలి. ఇంకా, మేడమ్ ఆగిన గంటా 50 నిమిషాల గురించి ఎవరూ మాట్లాడలేదు.

హరిత_హయత్‌నగర్

సూరి గారూ, అది నిజమే. చౌటుప్పల్‌లో టిఫిన్‌కి ఆగాం. నేను ఇడ్లీ తిని 10 నిమిషాల్లో లేచాను, ఆరుగురి దోసెలు అయ్యేసరికి 25 నిమిషాలు. తర్వాత ఒకరికి పంక్చర్, 20 నిమిషాలు. విడిపోయాక నకిరేకల్‌లో నేనే అరగంట పైగా కూర్చున్నాను, లేవలేకపోయాను. తిరుగు దారిలో నీడ కనిపించిన ప్రతిచోటా 5 నిమిషాలు.

చక్రధర్66

సూరి గారు మొదటి పోస్టులో చెప్పిందే ఇది. పొరపాటున చెప్పినా అసలు విషయం పట్టుకున్నారు. నలుగురు పంచుకుని ఎదురుగాలిలో 100 కి.మీ.కి 33 నిమిషాలు సంపాదిస్తే, ఒక టిఫినూ ఒక పంక్చరూ 45 నిమిషాలు తినేస్తాయి. ఆరుగురంటే 12 టైర్లు. నేను నలుగురి కంటే పెద్ద గ్రూపులో వెళ్ళను. టిఫిన్ ఎవరి సంచిలో వాళ్ళకు. పంక్చర్ అయితే ఒకరు సాయం ఉండాలి, మిగతా ఇద్దరు నెమ్మదిగా సాగాలి.

కాకినాడ_పద్మ

అది నాకు నచ్చలేదండి. కలిసి బయలుదేరాక పంక్చర్ అయిన మనిషిని వదిలి ఇద్దరు వెళ్ళిపోవడం ఏమిటి? నలుగురం ఆగుతాం. 20 నిమిషాలు పోతే పోయాయి.

చక్రధర్66

పద్మ గారూ, పగటిపూట, ఊరు దగ్గర అయితే అంటున్నాను. రాత్రి అయితే మీరన్నట్టే, అందరూ ఆగాలి.

హరిత_హయత్‌నగర్

అప్‌డేట్. ఈ ఆదివారం నలుగురం చౌటుప్పల్ దాకా వెళ్ళి వచ్చాం, ఒక్కో వైపు 45 కి.మీ. గాలి మళ్ళీ పడమరే. ముందే మాట్లాడుకున్నాం. వెళ్ళేటప్పుడు ఎత్తుల మీద ఎవరి స్పీడు వాళ్ళది, పైకి వెళ్ళాక ముందున్నవాళ్ళు నెమ్మదించాలి. నేను రెండో స్థానంలో ఉన్నాను, ముందు సైకిల్‌కి ఒక మీటరు వదిలాను. ఎత్తు మీద నా గుండె వేగం 158 దాటలేదు. వెళ్ళేటప్పుడు పెద్దగా లాభం ఏమీ కనిపించలేదు, చక్రధర్ గారు చెప్పినట్టే.

పంతంగి టోల్‌గేట్ దగ్గర నీళ్ళు నింపుకుని తిరిగాం. వచ్చేటప్పుడు నిమిషం చొప్పున వంతులు వేసుకున్నాం. నా వంతులో గాలి తగిలిన క్షణం ఎవరో ఛాతీ మీద చెయ్యి పెట్టి తోసినట్టు ఉంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ వీల్ పట్టుకోగానే పద్మ గారు చెప్పిన హోరు ఆగిపోయింది. 45 కి.మీ. 2 గంటల 18 నిమిషాల్లో వచ్చాం, 19.5 సగటు. నెల క్రితం ఒంటరిగా లాగిన 17.5తో అయితే 2 గంటల 34 నిమిషాలు. 16 నిమిషాలు కలిసొచ్చాయి, దిగినప్పుడు కాళ్ళు నడిచే స్థితిలో ఉన్నాయి.

చక్రధర్66

చాలా సంతోషం. 16 నిమిషాలూ గ్రూపువే అనుకోకు, ఆ రోజు నీ వెనక 155 కి.మీ. అలసట ఉంది, ఈ ఆదివారం లేదు. నువ్వు నమ్మదగిన అంకె ఎత్తు మీది ఆ 158. వచ్చే బీఆర్‌ఎంలో అది 160 దాటితే వీల్ వదిలెయ్.

వేగం_రవి

అక్కా, వచ్చే బీఆర్‌ఎంకి మీ నలుగురిలో ఐదోవాడిగా నేను రావచ్చా? ఎదురుగాలిలో 2 నిమిషాల వంతులు తీసుకుంటాను.

హరిత_హయత్‌నగర్

రా రవీ. వెనక లైటు తెచ్చుకో. టిఫిన్ నీ సంచిలో నువ్వే పెట్టుకో.